లక్ష్యాలన్నీ దాటుతాడు, తోటివారిని మాత్రం నిలవనివ్వడు: మేనేజర్‌గా నేనేం చేయాలి?

నిలకడ

తొమ్మిది మంది ఉన్న సేల్స్ బృందానికి నేను మేనేజర్‌ని. సంస్థలకు యంత్రాలను, వాటి నిర్వహణ ఒప్పందాలను అమ్మడం మా పని. ఈ బాధ్యత తీసుకుని పద్నాలుగు నెలలైంది. నా బృందంలో ఒకతను వరుసగా ఆరు క్వార్టర్లుగా తన టార్గెట్‌లో సుమారు 140 శాతం సాధిస్తున్నాడు. లెక్కల్లో ఎక్కడా తప్పు పట్టడానికి వీల్లేదు.

సమస్య అతను మనుషులతో మెలిగే తీరు. జూనియర్ తయారుచేసిన కొటేషన్‌ను మీటింగులో బయటికి చదివి, "ఇది రాసినవాళ్లకు జీతం ఎవరిస్తున్నారు?" అని అడుగుతాడు. ఇన్‌స్టలేషన్ బృందాన్ని అడగకుండా కస్టమర్‌కు తేదీ మాట ఇచ్చేస్తాడు. ఆ తేదీ తప్పినప్పుడు వారి పై అధికారిని కాపీలో పెట్టి, తప్పంతా వారిదేనన్నట్టు ఈమెయిల్ రాస్తాడు. గత ఏడాదిలో ఇద్దరు రాజీనామా చేశారు. వెళ్లేటప్పుడు జరిపిన ఇంటర్వ్యూలో ఇద్దరూ అతని పేరు ఎత్తలేదు. వారిలో ఒకరు మాత్రం రెండు నెలల తర్వాత ఫోన్‌లో అసలు సంగతి చెప్పారు. పోయిన వారం మూడో వ్యక్తి వచ్చి వేరే విభాగానికి బదిలీ కావాలన్నారు.

క్వార్టర్ ముగిసేదాకా అతని జోలికి పోవద్దని మా డైరెక్టర్ అంటున్నారు. క్వార్టర్ ముగియడానికి ఏడు వారాలుంది, కానీ అది ముగిసిన మర్నాడే ఇంకొకటి మొదలవుతుంది కదా. ఇలాంటి పరిస్థితిని నిజంగా ఎదుర్కొన్నవారు, ఏ పని ముందు, ఏది తర్వాత చేశారో చెప్పగలరా?

సూటిమాట

ఇందులో ఆలోచించాల్సినది ఏమీ లేదు, తీసేయండి. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 2000 సంవత్సరపు వార్షిక నివేదికలో జాక్ వెల్చ్ బృందం వాటాదారులకు రాసిన లేఖలో సరిగ్గా ఈ సంగతే ఉంది. అంకెలన్నీ సాధిస్తూ సంస్థ విలువలను పాటించని మేనేజర్‌ను వదులుకోవడమే అన్నిటికన్నా కష్టమని, అయినా వదులుకోవాల్సిందేనని అందులో రాశారు. పాతికేళ్ల క్రితమే తేలిన విషయాన్ని మనం మళ్లీ చర్చించుకుంటున్నాం.

కొత్తచిగురు

నా ఉద్దేశంలో ప్రశ్నను తిరగేసి చూడాలి. ఒకరు 140 శాతం చేస్తుంటే మిగిలిన ఎనిమిది మంది ఎందుకు చేయలేకపోతున్నారు? వారికి అతని చేత శిక్షణ ఇప్పించండి, వీలైతే టీమ్ లీడ్‌ను చేయండి. బాధ్యత మీద పడితే మాట తీరు దానంతట అదే మారుతుంది. బాగా పనిచేసేవారి మీద ఫిర్యాదులు రావడం అన్ని చోట్లా ఉన్నదే.

నిలకడ

కొత్తచిగురు గారూ, నా ప్రశ్న మిగిలినవారి పనితీరు గురించి కాదు. ఎనిమిది మందిలో ఐదుగురు టార్గెట్ అందుకుంటున్నారు. శిక్షణ విషయానికొస్తే, నేను రాకముందు ఇద్దరు కొత్తవారిని అతనికే అప్పగించారట. రాజీనామా చేసినవారిలో ఒకరు ఆ ఇద్దరిలో ఒకరు.

లెక్కపుస్తకం

భావోద్వేగాలను కాసేపు పక్కన పెట్టి, ఒక మనిషి నెల టార్గెట్‌నే కొలమానంగా తీసుకుని చూద్దాం. అతను 140 శాతం చేస్తున్నాడంటే, ఏడాదికి పన్నెండు నెలల టార్గెట్ కాకుండా అదనంగా దాదాపు 4.8 నెలల టార్గెట్ తెస్తున్నాడు. మామూలుగా టార్గెట్ అందుకునే మనిషితో పోలిస్తే అతని వల్ల సంస్థకు దక్కుతున్న అసలు లాభం ఈ 4.8 మాత్రమే.

ఇప్పుడు రాజీనామాలు చూద్దాం. ఒకరు వెళ్లాక ఆ కుర్చీ మూడు నెలలు ఖాళీగా ఉందనుకోండి, ఆ తర్వాత వచ్చిన కొత్త మనిషి నాలుగు నెలలపాటు సగం టార్గెట్టే చేయగలిగాడనుకోండి. ఒక్కో రాజీనామాకు ఐదు నెలల టార్గెట్ పోయినట్టే. ఇద్దరు వెళ్లారు కాబట్టి పది. 4.8 కోసం పది పోగొట్టుకుంటున్నారు. ఈ రెండు అంకెలను డైరెక్టర్ ముందు పెడితే వాదన అక్కడితో ముగుస్తుంది.

పాతకాపు

లెక్కపుస్తకం గారి పద్ధతి నాకు నచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా సేల్స్ విభాగాలను నడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, డైరెక్టర్లు కోపతాపాల గురించి వినరు, ఖాళీ కుర్చీల గురించి వింటారు. అయితే ఈ లెక్కలో రెండు చోట్ల జాగ్రత్త పడాలి, లేకపోతే మొదటి ప్రశ్నకే నిలకడ గారు చిక్కుకుపోతారు.

మొదటిది, ఆ ఇద్దరూ అతని వల్లే వెళ్లారని చూపగలరా? ఒకరు ఫోన్‌లో చెప్పారు, రెండో వ్యక్తి చెప్పలేదు. ఒక్కరినే లెక్కలోకి తీసుకుంటే నష్టం ఐదు, లాభం 4.8. అంటే దాదాపు సమానం. డైరెక్టర్ ఈ మాటే అంటారు. రెండోది, అతన్ని పంపించేస్తే అతని కుర్చీ కూడా ఖాళీ అవుతుంది. దానికి ఐదు, పోయిన అదనపు రాబడికి 4.8, మొత్తం మొదటి ఏడాది 9.8. ఏటా ఇద్దరు వెళ్లిపోతారనుకున్నా మొదటి ఏడాది రెండు దారులూ ఒకటే. రెండో ఏడాది నుంచి మాత్రమే తేడా తెలుస్తుంది. ఆరు క్వార్టర్లుగా ఎవరూ కదలకపోవడానికి కారణం ధైర్యం లేకపోవడం ఒక్కటే కాదు, ఒక ఏడాది వరకే చూసేవారికి కదలకపోవడం తెలివైన పనిగానే కనిపిస్తుంది.

అందుకే తీసేయాలా వద్దా అన్నదానికన్నా ముందు ఒకటి తేల్చుకోవాలి. ఆ 140లో అతని చేతి చలవ ఎంత? నిలకడ గారూ, రెండు వివరాలు తీసి చూడండి. అతని అమ్మకాలలో పాత కస్టమర్ల రెన్యూవల్స్ ఎన్ని, కొత్తవి ఎన్ని? అలాగే అతను అడిగిన కొటేషన్లు ఎన్ని రోజుల్లో బయటికి వెళుతున్నాయి, మిగిలినవారివి ఎన్ని రోజుల్లో వెళుతున్నాయి?

రెండో వరుస

నేను మేనేజర్‌ని కాను. ఇలాంటి ఒకరి పక్క సీటులో మూడేళ్లు పనిచేశాను, అటువైపు నుంచి చెబుతాను.

వెళ్లేటప్పుడు జరిగే ఇంటర్వ్యూలో నేను కూడా అతని పేరు చెప్పలేదు. కొత్త సంస్థవారు పాత సంస్థకు ఫోన్ చేసి నా గురించి అడుగుతారు, ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారో నాకు తెలియదు. కాబట్టి ఫిర్యాదులు లేవంటే సమస్య లేదని అనుకోవద్దు. తెలుసుకోవడానికి వేరే గుర్తులున్నాయి. మీటింగులో అతను ఉన్నప్పుడు ఎవరెవరు మాట్లాడతారో, అతను సెలవులో ఉన్నప్పుడు ఎవరెవరు మాట్లాడతారో గమనించండి. మా దగ్గర సందేహాలన్నీ అతను లేని రోజునే బయటికి వచ్చేవి. ఇంకొకటి, నేరుగా అతన్ని అడిగితే రెండు నిమిషాల్లో తేలే విషయాన్ని మేం ఇద్దరు ముగ్గురిని చుట్టి తెలుసుకునేవాళ్లం. అన్నిటికన్నా ఖరీదైనది, తప్పు జరిగినప్పుడు దాచడం. ఒకసారి యంత్రం మోడల్ నంబర్ తప్పుపడిందని నాకు ఆర్డర్ వెళ్లిన రోజే తెలిసింది, నాలుగు రోజులు నోరు విప్పలేదు. అతను అందరిలో ఏమంటాడోనని భయం. అప్పటికి సరుకు బయలుదేరిపోయింది. తప్పు నాదే, కాదనను. కానీ ఆ నాలుగు రోజుల ఆలస్యం ఏ రిపోర్టులోనూ అతని పేరు కింద కనిపించదు.

సూటిమాట

లెక్కలే కావాలంటే పరిశోధన కూడా ఉంది. మైకేల్ హౌస్‌మన్, డిలన్ మైనర్ అనే ఇద్దరు 2015లో 11 సంస్థలకు చెందిన యాభై వేల మందికి పైగా ఉద్యోగుల వివరాలను పరిశీలించారు. పనిలో అందరికన్నా ముందుండే ఒక శాతం మందిలో ఒకరిని తెచ్చుకోవడం వల్ల వచ్చే లాభం కన్నా, చెడు చేసే ఒక్క మనిషిని దూరంగా ఉంచడం వల్ల మిగిలేది రెండింతలకు పైగా ఉంటుందని తేల్చారు. ఇంకా ఏం కావాలి?

పాతకాపు

సూటిమాట గారూ, ఆ పరిశోధన సరైనదే కానీ మన విషయానికి పూర్తిగా అతకదు. వారు చెడు మనిషి అన్నది వేధింపులు, మోసం, పత్రాలు తారుమారు చేయడం వంటి తీవ్రమైన తప్పులకు ఉద్యోగం పోయినవారిని. మాట కటువుగా ఉండి టార్గెట్ దాటేవారిని కాదు. అందులో మనకు పనికొచ్చే సంగతి మరొకటుంది. అలాంటివారు మిగతావారికన్నా వేగంగా పనిచేస్తారని కూడా వారే గుర్తించారు. అంటే ఆ మనుషులు అంతకాలం ఎలా నిలదొక్కుకుంటారో అర్థమవుతోంది కదా.

వెల్చ్ లేఖ కూడా మేనేజర్ల గురించి, చేతికింద ఎవరూ లేని సేల్స్ ఉద్యోగి గురించి కాదు. పైగా ఏటా అడుగున ఉన్న పది శాతం మందిని పంపించేయాలని అదే లేఖ గట్టిగా చెప్పింది. తోటివాడు వెనకబడితే తాను బతుకుతానని ప్రతివారూ అనుకునే పద్ధతి అది. అలాంటి చోట మన మొదటి నంబర్ లాంటివారు పుట్టకపోతేనే ఆశ్చర్యం.

నిలకడ

పాతకాపు గారు అడిగిన వివరాలు తీశాను. చూశాక కొంతసేపు ఏమీ తోచలేదు.

అతను ఏడాదిలో తెచ్చింది సుమారు 16.8 నెలల టార్గెట్. అందులో ఆరు నెలల టార్గెట్ నాలుగు పెద్ద కస్టమర్ల రెన్యూవల్స్ నుంచే వచ్చింది. ఆ నలుగురినీ అతను సంపాదించలేదు, నేను రాకముందు ఒకరు రిటైరైనప్పుడు అతనికి అప్పగించారు. కొత్త అమ్మకాలు 10.8. బృందంలో రెండో స్థానంలో ఉన్న ఆమె మొత్తం 12.5 చేసింది, అందులో కొత్తవి 11. అంటే కొత్త కస్టమర్లను తేవడంలో ఇద్దరూ ఇంచుమించు సమానం.

కొటేషన్ల సంగతి ఇంకా బాధ కలిగించింది. వాటిని తయారుచేసి పంపే డెస్కులో ఇద్దరే ఉంటారు. అతని కొటేషన్ సగటున ఒక్క రోజులో వెళుతోంది, మిగిలినవారివి నాలుగు రోజులు పడుతున్నాయి. ముందు ఎవరిది చేయాలని ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు. అడిగితే ఆ డెస్కులో ఒకరు, "ఆయనది ఆలస్యమైతే ఆ రోజంతా పాడవుతుంది సార్" అన్నారు. వ్యవహారం ఇన్నాళ్లూ నా కళ్లముందే నడిచింది.

లెక్కపుస్తకం

అయితే నా 4.8 కూడా తప్పే. నలుగురు కస్టమర్లను ఎవరికి అప్పగించినా ఆ ఆరులో అధిక భాగం వచ్చి ఉండేది. కానీ ఒక మాట, రెన్యూవల్స్ అంటే తేలికని అనుకోవద్దు. కస్టమర్‌ను నిలబెట్టుకోవడం కూడా పనే. అతను వెళ్లిపోతూ వారిలో ఒకరినైనా వెంట తీసుకుపోతే లెక్క మళ్లీ తలకిందులవుతుంది.

పాతకాపు

నిజమే. అందుకే నేనైతే మొదట ఆ నలుగురి దగ్గరికి రెండో మనిషిని పంపిస్తాను. అతన్ని తప్పించడానికి కాదు, ప్రతి పెద్ద కస్టమర్‌కూ మన వైపు ఇద్దరి ముఖాలు తెలిసి ఉండాలన్న నియమం బృందం మొత్తానికీ పెట్టాలి. ఇది చేయకుండా అతనితో గట్టిగా మాట్లాడితే, అతను రాజీనామా బెదిరింపు తెచ్చిన రోజున మీ చేతిలో ఏమీ ఉండదు.

ఒకప్పటి మొదటి నంబర్

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. ఎందుకంటే మీరందరూ మాట్లాడుకుంటున్న మనిషిని నేనే.

ఐదేళ్లపాటు నా విభాగంలో నేనే మొదటి స్థానంలో ఉన్నాను. ప్రతి అప్రైజల్‌లో మొదటి పావుగంట నా అంకెలను మెచ్చుకునేవారు, చివర్లో "కాస్త అందరినీ కలుపుకుని పోవయ్యా" అని నవ్వుతూ ఒక మాట అనేవారు. ఆ మాటకు అర్థమేమిటో నాకు నిజంగా తెలియదు. బోనస్ వచ్చింది కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను. నా కంటికి మిగిలినవారు నెమ్మదస్తులు, నేను పని జరిపించేవాణ్ణి.

ఒక కొత్త మేనేజర్ వచ్చాక అది మారింది. ఆవిడ అంకెల ఊసే ఎత్తలేదు. "మంగళవారం మీటింగులో మీరు ఫలానా వ్యక్తిని ఈ మాట అన్నారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ తర్వాత ఆ మీటింగులో నలుగురు ఒక్క మాటా మాట్లాడలేదు. ఇది మళ్లీ జరగకూడదు" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. ఉద్యోగం మానేద్దామని బయట రెండు ఇంటర్వ్యూలకు కూడా వెళ్లాను. కానీ "కలుపుకుని పో" అన్నదానికి నేను ఎన్ని అర్థాలైనా చెప్పుకోగలిగాను, "మంగళవారం ఈ మాట అన్నారు" అన్నదానికి చెప్పుకోలేకపోయాను. నేను మంచివాణ్ణయిపోయానని చెప్పడం లేదు. ఇప్పటికీ నోరు జారుతుంది. అయితే జారినప్పుడు నాకు తెలుస్తుంది.

రెండో వరుస

మీరు ఇది రాసినందుకు ధన్యవాదాలు. కానీ ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆ ఐదేళ్లలో మీ పక్కన కూర్చున్నవారికి ఎవరైనా ఏమైనా చెప్పారా? మీకు మారే అవకాశం దొరికింది, వారు మాత్రం వెళ్లిపోయారు.

ఒకప్పటి మొదటి నంబర్

ఒకరికి ఫోన్ చేశాను. ఆయన ఎత్తలేదు. దీనికి ఇంతకన్నా నా దగ్గర సమాధానం లేదు.

పాతకాపు

ఇప్పుడు నిలకడ గారి మొదటి ప్రశ్నకు వస్తాను. ఆ కొత్త మేనేజరమ్మ చేసింది సరైన పద్ధతి, దాన్ని కొంచెం విడదీసి చెబుతాను.

మొదట మీ కళ్లతో చూసిన సంఘటనలనే ఎత్తుకోండి. బదిలీ అడిగిన వ్యక్తి చెప్పినది ఎత్తితే, మర్నాటికల్లా ఎవరు చెప్పారో అతను పసిగడతాడు, ఆ మనిషి పని అయిపోయినట్టే. తేదీ, అన్న మాట, అక్కడ ఎవరున్నారు, దానివల్ల ఏ పని ఆగింది, ఈ నాలుగూ రాసుకోండి. "గర్వం", "దురుసు" లాంటి మాటలు రాయవద్దు, అవి మీ అభిప్రాయాలు, వాటిని కాదనడం సులువు. ఇన్‌స్టలేషన్ వారికి పంపిన ఈమెయిల్స్ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి వాటికి సాక్ష్యం వెతకాల్సిన పని లేదు.

తర్వాత, టార్గెట్ సమీక్షతో సంబంధం లేకుండా విడిగా మాట్లాడండి. రెండు విషయాలకు మించి ఎత్తవద్దు. ఏడు ఎత్తితే అతను వాటిలో అన్నిటికన్నా బలహీనమైనదాన్ని పట్టుకుని వాదిస్తాడు. ఏది ఆగాలో, దాని బదులు ఏం చేయాలో, మళ్లీ ఏ తేదీన కూర్చుంటారో చెప్పండి. మారకపోతే ఏమవుతుందో కూడా ఆ రోజే చెప్పాలి, కానీ మీరు నిజంగా చేయగలిగినదే చెప్పాలి. డైరెక్టర్ అనుమతి లేకుండా ఉద్యోగం పోతుందని బెదిరిస్తే, రెండో నెలకే మీ మాటకు విలువ ఉండదు. పెద్ద కస్టమర్ల కేటాయింపు మీ చేతిలో ఉందా? ఉంటే అది చెప్పండి. మాట్లాడిన సాయంత్రమే అదే విషయాన్ని క్లుప్తంగా అతనికి రాసి పంపి, హెచ్‌ఆర్‌కు ముందే తెలియజేసి ఉంచండి.

ఏడు వారాలు ఆగాలా అంటే, ఆగనక్కర్లేదు. తీసేయడానికి డైరెక్టర్ అడ్డుపడగలరు, మీటింగులో జూనియర్‌ను అవమానించవద్దని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

లెక్కపుస్తకం

దీనికి ఒకటి చేర్చాలి. అతని ఇన్సెంటివ్ మొత్తం అంకెల మీదే లెక్కకట్టినంత కాలం, నోటితో ఏం చెప్పినా ఫలితం స్వల్పమే. ఇచ్చిన తేదీకి ఇన్‌స్టలేషన్ జరిగితేనే ఆ అమ్మకాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకుంటామని నియమం పెడితే, ఇన్‌స్టలేషన్ వారిని అడగకుండా మాట ఇచ్చే అలవాటు దానంతట అదే పోతుంది.

పాతకాపు

తేదీల విషయంలో ఒప్పుకుంటాను. "తోటివారితో ప్రవర్తన"కు మార్కులు వేసి ఇన్సెంటివ్‌కు ముడిపెట్టడం మాత్రం నేను ఒకసారి చేసి చేతులు కాల్చుకున్నాను. మొదటి నంబర్ ఆ కొద్దిపాటి కోతను ఖర్చు కింద లెక్కేసుకుని, తన పద్ధతిలోనే కొనసాగాడు. అంతకుముందు అది తప్పుగా ఉండేది, ఆ తర్వాత దానికి ఒక ధర ఏర్పడింది, అంతే.

నిలకడ

ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను.

కొటేషన్లన్నీ వచ్చిన వరుసలోనే వెళ్లాలని నియమం పెట్టాను, వరుస తప్పించాలంటే నా సంతకం ఉండాలి. ఇప్పుడు అందరివీ దాదాపు రెండున్నర రోజుల్లో వెళుతున్నాయి. నలుగురు పెద్ద కస్టమర్లలో ఇద్దరి దగ్గరికి రెండో స్థానంలో ఉన్న ఆమెను కూడా పంపించాను. ఆ తర్వాత అతనితో మాట్లాడాను. మీటింగులో అన్న ఒక మాట, ఒక ఈమెయిల్, ఈ రెండే ఎత్తాను. ఇరవై నిమిషాలు వాదించాడు, తన అంకెలను మూడుసార్లు గుర్తుచేశాడు. నేను ఆ రెండు విషయాల దగ్గరే నిలబడ్డాను. పది రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు.

అప్పటి నుంచి మీటింగుల్లో ఎవరినీ ఏమీ అనలేదు. ఇన్‌స్టలేషన్ వారికి తేదీ అడిగే ఈమెయిల్స్ వెళుతున్నాయి. ఇంతవరకు బాగుంది. కానీ నిన్న కొటేషన్ డెస్కులో ఒకరు, ఇప్పుడు ఆయన ఏదైనా ఫోన్‌లోనే అంటున్నారని, ఎక్కడా రాతలో ఉండనివ్వడం లేదని చెప్పారు. అదీ అడిగీ అడగకముందే అన్నారు, తన పేరు బయటికి రాకూడదన్నారు. నేను కళ్లారా చూసినది కాదు కాబట్టి దీన్ని ఎలా ఎత్తాలో తెలియడం లేదు.

ఈ క్వార్టర్‌లో అతను 118 శాతం దగ్గర ఉన్నాడు, మిగిలినవారిలో ముగ్గురు ముందుకన్నా పైకి వచ్చారు. మొత్తం బృందం అంకె దాదాపు అంతే. డైరెక్టర్ ఈ ఉదయం నన్ను పిలిచి, అతని అంకె ఎందుకు తగ్గిందని మాత్రమే అడిగారు. బదిలీ అడిగిన వ్యక్తి తన దరఖాస్తును ఇంకా వెనక్కి తీసుకోలేదు. అతనితో మళ్లీ కూర్చోవాల్సిన తేదీ వచ్చే శుక్రవారం.

రెండో వరుస

శుక్రవారం లోపు కొటేషన్ డెస్కు దగ్గర మీరే రోజుకు ఒక గంట కూర్చుని పనిచేసుకోండి. ఆ ఫోన్ మోగినప్పుడు అవతలివారి ముఖం మీ కంటికే కనిపిస్తుంది.